ఎనిమిదో తరగతి పత్తాలు

మా బడిలో పిల్లల చేతికి పత్తాలు, అదే పేకముక్కలు, ఇచ్చింది నేనే. దాచుకోవడానికేమీ లేదు, అప్పట్లో ఊరంతా చెప్పుకున్న మాటే. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఇల్లు అల్వాల్‌లో. పొద్దున్నే లారీల మధ్య స్కూటీ మీద బడికి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. మిగిలిన సగం ఆ ఏడాది ఎనిమిదో తరగతి తినేసింది.

రెండో ఇంగ్లీషు టీచరు బదిలీ అయి వెళ్లింది, ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు గారు రెండు సెక్షన్లనూ కలిపి ఒక గదిలో కూర్చోబెట్టి, సర్దుకోండి మేడం అన్నారు. ఆయన అన్నిటికీ సర్దుకోండి అనే అంటారు. అరవై మందికి పైగా పిల్లలు. బెంచీలు పట్టక బయట పెట్టించి నేల మీద కూర్చోబెట్టాను. ప్రైవేటు బడి మానేసి వచ్చి ఇంగ్లీషు గడగడా చదివేవాళ్లు కొందరు. ఏబీసీడీల్లోనే తడబడేవాళ్లు ఇంకొందరు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. కంపెనీల్లో పనికి వచ్చిన బిహారీల పిల్లలకు తెలుగే కొత్త. బోర్డు మీద భూతకాలం రాసి అడిగితే ముందు వరుస ఒకే గొంతుతో అరిచేది, వెనక వరుస కిటికీలోంచి లారీలు లెక్కపెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడు తట్టింది ఈ ఆట. మా కాలనీలో ఇంటింటికీ తిరిగి పాత పెండ్లి పత్రికలు పోగు చేశాను. మందంగా ఉంటాయి, వెనకవైపు ఖాళీ. వాటిని ముక్కలు కోసి కట్టలు చేశాను. ఒక్కో క్రియకు మూడు ముక్కలు: గో, వెంట్, గాన్, ఈట్, ఏట్, ఈటెన్, అలా. వాటితో పాటు ఐ, షీ, దే, మై బ్రదర్ అని కర్తల ముక్కలు. యెస్టర్‌డే, ఎవ్రీ డే, నౌ, టుమారో, ఆల్రెడీ అని కాలం ముక్కలు. ఆరుగురు ఒక జట్టు. ఒకరు తీర్పరి, అయిదుగురు ఆడతారు. తలా అయిదు ముక్కలు పంచి, మిగిలిన కట్ట మధ్యలో బోర్లా పెట్టాలి. వంతు వచ్చినప్పుడల్లా ఒకటి తీసి ఒకటి వెయ్యాలి. ఒకే క్రియ మూడు రూపాలు, ఒక కర్త, ఒక కాలం చేతిలో పడగానే ముక్కలు పరిచి, ఆ కాలానికి సరిపోయే వాక్యం నోటితో చెప్పాలి. షీ, యెస్టర్‌డే పడితే వెంట్ వాడాలి. టుమారో పడితే విల్ గో అనాలి. ఆల్రెడీ పడితే హ్యాజ్ గాన్. తీర్పరి దగ్గర జవాబుల అట్ట ఉంటుంది. వాడికి ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అట్టతో పోల్చి చూస్తే చాలు. పది జట్లకు పైగా ఉంటే నేనొక్కదాన్ని ఎక్కడని ఉండను? అందుకే ఆ అట్ట.

కట్టల్లో కూడా తేడా పెట్టాను. చదవలేనివాళ్లకు తేలిక కట్ట: ఒక్కో ముక్క మూల దాని మిగతా రెండు రూపాలూ చిన్న అక్షరాలతో రాసి ఉంటాయి. వచ్చినవాళ్లకు మూలలో ఏమీ ఉండదు, పైగా వాక్యం చెప్పాక దాన్నే ప్రశ్నగా మార్చి అడగాలి. పిల్లలకు మొదటి రోజే ఆట పట్టుబడింది. ఇది రమ్మీ కదా టీచర్ అని ఎవరో అన్నారు. నోరుమూసుకుని ఆడమన్నాను. వాక్యం చెప్పడానికి ముక్కలు పరిచేటప్పుడు 'షో' అనడం కూడా వాళ్లే మొదలుపెట్టారు. శామీర్‌పేట చుట్టూ ఫామ్‌హౌసులున్న చోట పత్తాలాట ఎలా ఉంటుందో పిల్లలకు ఒకరు నేర్పాలా?

అందులో ఒక అమ్మాయి ఉంది. పాఠం చదవమంటే లేచి నిలబడి పుస్తకంలోకి కాక నా చెప్పుల వైపు చూసేది. తండ్రి మేడ్చల్ బస్ డిపో దగ్గర ఆటో నడుపుతాడు. తల్లి ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది. ఆ పిల్ల ముక్కలు చేతికి రాగానే ఇంకో మనిషి అయిపోయింది. ఎవరు ఏది తీశారు, ఏది వేశారు, అన్నీ గుర్తే. పదాల్ని చదవకుండా బొమ్మల్లా గుర్తుపట్టేది. వాక్యాలు మాత్రం పక్కవాళ్ల నోట విని విని తప్పులేకుండా చెప్పేది. రెండు నెలలు తిరిగేసరికి తేలిక కట్ట వదిలేసి పై కట్ట అడిగింది. ఇంకా ముచ్చటేమిటంటే ఆమె ముక్కలు కలిపే తీరు. కట్టను రెండు చేతుల్లోకి చీల్చి బొటనవేళ్లతో వదిలితే జరజరమని ఒకదానిలో ఒకటి దూరిపోయేవి. పక్క జట్లవాళ్లు కూడా కలపమని కట్టలు తెచ్చి ఇచ్చేవారు. నేను మురిసిపోయాను. స్టాఫ్ రూములో రోజూ దీని గురించే చెప్పి అందరి బుర్రలూ తినేసేదాన్ని.

నా పీరియడ్ భోజనాలకు ముందు. కొన్ని రోజులు పిల్లలు గుమ్మంలోనే ఎదురొచ్చి, ఇయ్యాల ఆట ఉంటదా టీచర్ అని అడిగేవారు. ఆ రోజుల్లో ఆట కూడా మహా జోరుగా సాగేది. ఇంగ్లీషు మీద ఇంత ఇష్టం పుట్టించానని నా భుజం నేనే తట్టుకున్నాను. అవి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజులన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు.

ఒక మంగళవారం పొద్దున ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారు కబురు పంపారు. ఆయన గదిలో ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. పక్కన గోడకు ఆనుకుని పిల్ల. తల్లి చేతిలో స్టీలు డబ్బా, టేబుల్ మీద మడత పెట్టిన కాగితం. ఎవరి చేతనో రాయించిన టీసీ దరఖాస్తు.

"మా పోరికి టీసీ ఇయ్యుండ్రి," అంది నాతో. "బడిల పత్తాలు నేర్పుతుండ్రు. తూప్రాన్‌ల మా అన్న దగ్గరికి తోలుత."

అక్కడ ఏ బడిలో వేస్తారమ్మా అని అడిగాను. అన్నకు చికెన్ సెంటర్ ఉందనీ, వదినకు చేతి సాయం కావాలనీ, బడి సంగతి తరువాత చూసుకుంటామనీ చెప్పింది. ఆ 'తరువాత' ఎన్నటికీ రాదని నాకు తెలుసు, హెడ్మాస్టరు గారికీ తెలుసు, ఆమెకూ తెలుసు. హెడ్మాస్టరు గారు అప్పటికే కలం మూత తీశారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి, బడిలో పేకాట అని పేపర్లో పడితే ఎట్లా అన్న భయం ఆయన ముఖం నిండా ఉంది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. ఇది పేకాట కాదమ్మా, చదువు అన్నాను. ఇందులో పందెం ఉండదు, ఓడినవాడు పోగొట్టుకునేదేమీ లేదు, నీ బిడ్డ నోరు విప్పిందే ఈ ఆట వల్ల అని ఉపన్యాసం దంచాను. ఆమె అడ్డు రాకుండా అంతా విన్నది. విన్నాక డబ్బా మూత తీసి టేబుల్ మీద పెట్టింది. లోపల పొట్టు తియ్యని ఉడికిన గుడ్లు.

"గివి నిన్న తెచ్చింది. తమ్మునికని తెచ్చిందట," అంది. "గుడ్డు మనిషికొకటే గదా మేడం మీరిచ్చేది?"

నేను పిల్ల వైపు చూశాను. పిల్ల నా చెప్పుల వైపు చూసింది. రెండు నెలల కిందటి చూపు అదే.

"ఆటల గెల్సిన టీచర్," అంది మెల్లగా. "షో జెప్పినోళ్లకు ఓడినోళ్లు గుడ్డియ్యాలె. అందరం అనుకున్నం."

హెడ్మాస్టరు గారు కలం పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. తల్లి గొంతు పెంచలేదు. భర్త పగలంతా ఆటో తోలి సాయంత్రం షెడ్డు వెనక పేకాటకు కూర్చుంటాడనీ, గెలిచిన రోజున బిర్యానీ పొట్లాం తెచ్చి పిల్లల ముందు పెడతాడనీ, ఆ పొట్లాం విప్పనివ్వకుండా తాను పారబోస్తుందనీ చెప్పింది. గెల్చుకొచ్చింది తన ఇంట్లో ఎవరూ తినకూడదట. అది ఆమె పెట్టుకున్న కట్టుబాటు.

"గుడ్లకే గాదు మేడం నా బాధ," అంది. "మొన్న ఇంట్ల కూసోని పత్తాలు కలుపుతాంది. అచ్చం ఆయన చేతులే."

పిల్ల ఇంట్లో కూడా సాధన చేద్దామని పెండ్లి పత్రికలు కోసి సొంతంగా కట్ట చేసుకుందట. తల్లి దాన్ని పొయ్యిలో పెట్టింది.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నేను ఎదురు మాటే అన్నాను. శనివారం దాకా ఆగమన్నాను. శనివారం వచ్చి మా క్లాసులో కూర్చుని నీ కళ్లతో చూడు, అప్పటికీ పంపించేస్తానంటే నేనే టీసీ రాయిస్తానన్నాను. హెడ్మాస్టరు గారు బల్ల కింద నుంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు, నేను చూడనట్టే ఉన్నాను. ఆమె దరఖాస్తు తీసుకుని కొంగున ముడివేసుకుంది.

"వస్త. సూసినంక గిది మీకే ఇస్త," అంది.

ఆ రోజు నా పీరియడ్‌లో కట్టలు బీరువాలోనే ఉంచి గుడ్ల సంగతి అడిగాను. ఒక్కొక్కరే తల వంచుకుని చెప్పారు. దాదాపు ప్రతి జట్టులోనూ ఉంది పందెం. పాత సామాన్ల దుకాణం వాళ్ల అబ్బాయి, తరగతిలో అందరికన్నా చిన్నగా కనిపించేవాడు, ఈ మధ్య గుడ్డే తినలేదని తేలింది. వాడికి ముక్కలు పడేవి, వాక్యం పడేది కాదు. ఓడిన ప్రతిసారీ నవ్వుతూ ఇచ్చేశాడట. మరి నాకెందుకు చెప్పలేదురా అంటే, ఆటల రూల్ గదా టీచర్ అన్నాడు.

గెలిచేవాళ్లకూ ఓడేవాళ్లకూ మధ్య తేడా తగ్గించాలనే నేను ఈ ఆట కనిపెట్టింది. వచ్చినవాళ్లు రానివాళ్ల పళ్లెంలోంచి తినడానికి అది బాగా పనికొచ్చింది. ఆ కట్టలన్నీ చింపి పారేయాలనిపించింది. ఆట లేకపోతే ఆ పిల్లకు తూప్రానే గతి అని గుర్తొచ్చి చింపలేదు.

రూలు మార్చాను. ముందు షో చెప్పినవాళ్లు గెలిచినట్టు కాదు. జట్టులో అయిదుగురూ వాక్యం చెబితేనే ఆట పూర్తవుతుంది, అప్పుడే ఆ జట్టు పేరు బోర్డు మీద ఎక్కుతుంది. షో చెప్పినవాళ్లు తమ ముక్కల్లోంచి పక్కవాళ్లకు కావలసింది ఇవ్వవచ్చు, నేర్పవచ్చు, కానీ వాళ్ల బదులు వాక్యం చెప్పకూడదు. ఒంటరిగా గెలిచేది లేనప్పుడు ఎవరి దగ్గర ఏం గుంజుకుంటారు? గట్టిగా చదివే పిల్లలు మూతులు ముడిచారు. ఇదేం ఆట అన్నారు. మూతులు అలాగే పెట్టుకుని ఆడమన్నాను.

ఆ అమ్మాయి మాత్రం ముట్టుకోలేదు. రెండు రోజులు గోడ పక్కనే కూర్చుంది. మా అమ్మ వద్దన్నది టీచర్ అనడం తప్ప ఇంకో మాట లేదు. బలవంతపెడితే తల్లి మాట కాదన్నట్టు, ఊరుకుంటే శనివారం చూపించడానికేమీ లేనట్టు. రాత్రి అన్నం తింటూ కూడా ఇదే గొడవ నాకు. మా ఆయన, ఒక్క పిల్ల గురించి ఇంత పరేషానా అన్నాడు. ఒక్క పిల్ల గురించి కాకపోతే అరవై మంది గురించి ఎట్లా అవుతుంది అని ఆయన మీద లేచాను. శుక్రవారం భోజనాల వరుసలో ఒకటి చూశాను. ఆ పిల్ల తన పళ్లెంలో గుడ్డు తీసి సామాన్ల దుకాణం అబ్బాయి పళ్లెంలో పెట్టి వెళ్లిపోయింది. వాడు చుట్టూ చూసి గబుక్కున నోట్లో వేసుకున్నాడు.

శనివారం తల్లి చెప్పినట్టే వచ్చింది. పని చీరతోనే వచ్చింది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. గుమ్మం దగ్గర కుర్చీ వేశాను. ఈసారి కూర్చుంది, కొంగు ముడి పిడికిట్లో పట్టుకుని. హెడ్మాస్టరు గారు వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు. జట్లు చేశాను. ఆ పిల్లను, సామాన్ల దుకాణం అబ్బాయిని ఒకే జట్టులో పెట్టాను. కావాలనే పెట్టాను. మీ అమ్మ చూడ్డానికే వచ్చింది, వచ్చి కూర్చో అన్నాను. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి అవునని అనలేదు, కాదనీ అనలేదు. పిల్ల వచ్చి కూర్చుంది.

అలవాటు చొప్పున జట్టువాళ్లు కట్ట తెచ్చి ఆమె చేతికే ఇచ్చారు. వద్దని నేను అరిచేలోపే కట్ట రెండుగా చీలింది. జరజర చప్పుడు గదిలో అటు చివరకు కూడా వినిపించింది. తల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ ముఖం చూస్తే టీసీ రాయించుకోవడానికి వరండా దాకా కూడా ఆగదేమో అనిపించింది.

పిల్ల తల ఎత్తి తల్లిని చూసింది. తర్వాత తన చేతుల్ని చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. సగం దూరిన కట్టను అలాగే పక్కనున్న సామాన్ల దుకాణం అబ్బాయి ఒళ్లో పెట్టేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

వాడికి కలపడం రాదు. కట్ట అంతా నేల మీద బోర్లా పోసి, రెండు అరచేతులతో పల్లీలు ఆరబోసినట్టు అటూ ఇటూ నెరిపాడు. ముక్కలు సగం పక్క జట్టులోకి పోతే పాక్కుంటూ వెళ్లి ఏరుకొచ్చాడు. పిల్లలు నవ్వారు. తల్లి నవ్వలేదు. కానీ కూర్చుంది.

ఆట సాగింది. ఆ పిల్ల తన వంతు వచ్చినప్పుడే చేతులు బయటికి తీసేది, ముక్క తీసి ముక్క వేసి మళ్లీ కింద పెట్టేసుకునేది. చేతిలో ఉండాల్సిన ముక్కల్ని నేల మీద మోకాలి ముందు బోర్లా ఉంచుకుంది, ఏది ఎక్కడుందో ఆమెకు గుర్తే. తొందరగానే షో చెప్పింది. తీర్పరి సరే అన్నాడు. మిగతా ముగ్గురూ పూర్తి చేశారు. సామాన్ల దుకాణం అబ్బాయి మిగిలాడు. వాడి దగ్గర ఈట్, ఏట్, ఈటెన్, ఐ ఉన్నాయి. కాలం ముక్క లేదు. యెస్టర్‌డే ఆ పిల్ల పరిచిన ముక్కల్లో ఉంది. కొత్త రూలు ప్రకారం దాన్ని మోకాలితో వాడి వైపు నెట్టింది. చెయ్యి మాత్రం బయటికి తియ్యలేదు. గంట కొట్టే వేళ దగ్గరపడుతోంది. వాడు లేచి నిలబడి నోరు తెరిచి మూసుకున్నాడు. మూల చిన్న అక్షరాల్ని చూడు అని ఆమె కళ్లతోనే చెప్పింది.

"ఐ ఏట్ ఎగ్ యెస్టర్‌డే," అన్నాడు వాడు, ఒక్కో మాట ఏరుకుంటూ.

తీర్పరి అట్ట చూసి తల ఊపాడు. జట్టు గోలగోల చేసింది. నేను బోర్డు మీద వాళ్ల పేరు రాస్తుంటే వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది. ఆ పోరడు ఏమన్నడు అని కూతుర్ని అడుగుతోంది.

"నిన్న గుడ్డు తిన్న అన్నడమ్మా," అంది పిల్ల.

"ఎవలిచ్చిండ్రు వానికి?"

వాడే వేలు పెట్టి ఆ పిల్లను చూపించాడు.

గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని పరిగెత్తారు. తల్లి నా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి దరఖాస్తు తీసింది. చెమటకు, తడికి మెత్తబడిపోయిన కాగితం. నా చేతికి ఇస్తుందనుకున్నాను, ఇవ్వలేదు. నాలుగు ముక్కలు చేసి నా టేబుల్ మీద పెట్టింది.

"ఆడితె ఆడనియ్యుండ్రి మేడం," అంది. "దానితోని పత్తాలు కలపనియ్యకుండ్రి. గంతే."

కలపనివ్వనని మాటిచ్చాను. అప్పటికి ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు, ఆమె ఎదుటే కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె మాత్రం పనికి ఆలస్యమైందని గబగబా వెళ్లిపోయింది.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతిలో ఉంది. ఇంగ్లీషు పుస్తకం తడబడుతూ చదువుతుంది, కానీ పుస్తకంలోకే చూసి చదువుతుంది. గుడ్డు రోజుల్లో నేనే వెళ్లి వరుస దగ్గర నిలబడతాను. మా తరగతుల్లో ముక్కలు ఎవరూ చేత్తో కలపరు. కట్ట నేల మీద పోసి అందరూ అరచేతులతో నెరుపుతారు. ఎందుకలా అని కొత్త పిల్లలు అడిగితే, మన బడిలో రూలు అంతే అంటారు. అందరి చేతులూ ముక్కల మీద ఉన్న ఆ కాసేపూ ఆ పిల్ల మాత్రం తన రెండు చేతుల మీదా కూర్చునే ఉంటుంది.